మా చుట్టాల ఫొటో బోర్డు డైరీ: ఒకే ఉత్తరం మూడుసార్లు

ఫిబ్రవరి 1, ఆదివారం

మే 10న మా తాత సంతానం అంతా చెన్నైలో కలుస్తున్నాం. కొళత్తూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల అన్నయ్యలు ఒక మినీ హాలు మాట్లాడారు. పద్నాలుగు కుటుంబాలు, పిల్లలతో కలిపి 61 మంది. హాలు, భోజనాలు వాళ్లు చూసుకుంటారు, నాకు అప్పజెప్పింది ఫొటో బోర్డు. 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, ఫొటో పేపరు మీద ప్రింటు తీయించి సన్‌బోర్డ్‌కు అతికించాలి. నడిమధ్య 18×12 అంగుళాల పెద్ద ఫొటో ఒకటి, చుట్టూ 6×4 గడులు నలభై దాకా.

ఈ రోజు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "అందరికీ నమస్కారం. మన బోర్డు కోసం మీ దగ్గరున్న పాత ఫొటోలు పంపండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి." అంతే. అరగంటలో తొమ్మిది మంది బొటనవేలు గుర్తు పెట్టారు.

ఫిబ్రవరి 8

వారంలో 143 ఫొటోలు వచ్చాయి. ఒకే ఫొటోను ముగ్గురు నలుగురు ఫార్వర్డ్ చేసినవి తీసేస్తే 80 చిల్లర, వాటిలో పనికొచ్చేవి 31. కానీ ఈ రోజు రాయాల్సింది దాని గురించి కాదు.

గురువారం రాత్రి హోసూరు చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. గూడూరు అత్త ప్రేమగానే, మంచి మనసుతోనే, గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. అది మా చెల్లెలు పెద్దమనిషి అయినప్పుడు చేసిన ఫంక్షన్ ఫొటో. పీట మీద కూర్చోబెట్టి, మెడనిండా దండలు, చుట్టూ ఆడవాళ్లు. అప్పుడు దానికి పదమూడేళ్లు, ఇప్పుడు ముప్ఫై దాటాయి, ఒక ఆఫీసులో పదిమందికి పైఅధికారి. "అక్కా, ఆ రోజు కూడా నన్నెవరూ అడగలేదు, ఈ రోజూ అడగలేదు. బావలు, మరుదులు, వాళ్ల పిల్లలు అందరూ ఉన్న గ్రూపది" అంది. నాకు నోట మాట రాలేదు.

అత్తకు చెప్పాను, ఆవిడ పాపం బాధపడి వెంటనే తీయబోయింది. కానీ ఫొటో పెట్టింది సోమవారం. రెండు రోజులు దాటి ఎక్కువసేపయితే "అందరికీ డిలీట్" అన్న ఆప్షన్ ఇక రాదు, మన ఫోన్లోంచి మాత్రమే పోతుంది. పైగా చాలామంది ఫోన్లలో ఫొటోలు వాటంతటవే గ్యాలరీలోకి దిగిపోతాయి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి తీసేయమని అడిగాను. అందరూ తీశారనే నమ్ముతున్నాను, చూసి నిర్ధారించుకునే దారి మాత్రం లేదు.

తప్పు అత్తది కాదు, నా ఉత్తరానిది. "పంపండి" అని గ్రూపులో అడిగితే జనం గ్రూపులోనే పంపుతారు. అంటే సరేనా అని అడగకముందే ఫొటో అందరి ముందుకూ వచ్చేసింది. "అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్న మాట ఇంకా పెద్ద తప్పు. అభ్యంతరం చెప్పాల్సిన మనిషే అందరి ముందు నోరు తెరవాలి, తెరిస్తే "దీనికంత రాద్ధాంతమా" అంటారు. ఇక ఆ తొమ్మిది బొటనవేళ్లు దేనికి? బోర్డు ఆలోచన బాగుందని పెట్టారా, తమ ఫొటో వేసుకోమని పెట్టారా? అడిగితే తొమ్మిదిమందిలో ఏడుగురు మొదటిదే చెప్పారు.

ఫిబ్రవరి 10

రెండో ఉత్తరం రాయడానికి రెండు రాత్రులు పట్టింది. లాయరు బావకు చూపించాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంటి, సొంత పనులకు వర్తించదని, మన బోర్డుకు ఆ భయం అక్కర్లేదని చెప్పాడు. కానీ దాంట్లో సమ్మతి ఎలా ఉండాలో రాసిన తీరు చదివి వినిపించాడు. బలవంతం లేకుండా, దేనికో స్పష్టంగా తెలిసి, ఒప్పుకుంటున్నట్టు తనంతట తాను చెప్పి ఉండాలి, తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలగాలి. చట్టం కోసం కాదు, మా చెల్లెలి కోసం ఆ నాలుగూ ఉత్తరంలోకి తెచ్చాను. పంపింది ఇది:

"పెద్దలకు నమస్కారం, చిన్నవాళ్లకు ఆశీస్సులు. కొళత్తూరు అమ్ములు రాస్తున్నాను.

మే 10న హాల్లో పెట్టడానికి ఒక ఫొటో బోర్డు చేస్తున్నాను. మీకు ఇష్టమైన ఫొటోలు మూడు, మూడే, పంపండి. గ్రూపులో పెట్టొద్దు, నా నంబరుకు పంపండి. పంపేటప్పుడు గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ అన్నది నొక్కితే ఫొటో తగ్గిపోకుండా వస్తుంది. అందులో ఎవరెవరున్నారు, ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరం అన్నది ఒక్క లైను రాయండి, లేకపోతే వాయిస్‌లో చెప్పండి.

మీరు పంపిన ఫొటోలో ఉన్న మిగతావాళ్లను మీరు అడగక్కర్లేదు, నేనే అడుగుతాను. అలాగే మీరున్న ఫొటో వేరే ఎవరైనా పంపితే, అది మీకు చూపించి మూడు విషయాలు విడివిడిగా అడుగుతాను. ఒకటి, హాల్లో బోర్డు మీద పెట్టొచ్చా. రెండు, ఇంటికొకటి ఇచ్చే చిన్న ప్రింటులో వేయొచ్చా. మూడు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టొచ్చా. ఒకదానికి సరే అని ఇంకోదానికి వద్దు అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరు వద్దన్నారో నేను ఎవరికీ చెప్పను. జవాబు రాకపోతే వద్దన్నట్టే అనుకుంటాను.

ఏప్రిల్ 19 వరకు మనసు మార్చుకోవచ్చు. 20న ప్రింటుకు ఇస్తాను, ఆ తర్వాత తీయడం నా చేతుల్లో ఉండదు. ఎవరి ఫొటోలు వాళ్లకు తిరిగి ఇచ్చి, మే 31న నా దగ్గరున్న ఫైళ్లు తీసేస్తాను."

డాక్యుమెంట్‌గా ఎందుకు పంపమన్నానో ఇక్కడ రాసుకుంటాను, చాలామంది అడిగారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. 6 అంగుళాల గడికి అంగుళానికి 200 చుక్కల లెక్కన 1200 పిక్సెళ్లు చాలు, కాబట్టి ఫొటో మొత్తం చిన్న గడిలో వేస్తే ఇబ్బంది లేదు. ఇబ్బంది రెండు చోట్ల. పదిమంది ఉన్న ఫొటోలోంచి ఒక్కరిని కత్తిరించి గడిలో పెడితే ఆ మనిషికి మిగిలేది 200, 300 పిక్సెళ్లు, ముఖం మసగ్గా వస్తుంది. నడిమి ఫొటోకు 18 అంగుళాలకు 3600 కావాలి, 1600తో వేస్తే దగ్గరికెళ్లి చూసేవాళ్లకు కళ్లూ ముక్కూ అలుక్కుపోయినట్టుంటాయి. ఇంట్లో ఎవరూ బోర్డును దూరం నుంచి చూడరు, ముఖాలు వెతుక్కుంటూ దగ్గరికే వస్తారు.

ఫిబ్రవరి 17

ఫొటోలు బాగానే వస్తున్నాయి. జవాబులే రావట్లేదు, ముఖ్యంగా చెన్నై పిల్లల దగ్గర్నుంచి. ఆవడిలో ఉండే అన్నయ్య కొడుకుని అడిగితే "అత్తా, నాకు తెలుగు చదవడం రాదు కదా" అన్నాడు. అది నాకు తట్టి ఉండాల్సింది. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, కానీ ఇక్కడ పుట్టిపెరిగిన పిల్లలు బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక చేరిన మా పిల్లల్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు ఇద్దరే.

అందుకని ఉత్తరాన్ని నేనే చదివి వాయిస్‌లో పంపాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. మూడు ప్రశ్నలు మాత్రం మూడు వేర్వేరు వాయిస్ ముక్కలుగా పెట్టి, ఒక్కోదానికి విడిగా జవాబివ్వమన్నాను. మూడింటినీ కలిపి అడిగితే అందరూ చివరి ప్రశ్నకే జవాబు చెబుతున్నారు.

వాయిస్ జవాబులు వినడం మొదలుపెట్టాక కొత్త సంగతి తెలిసింది. కాగితం మీద ఉండేది సరే, వద్దు అని రెండే మాటలు. నోటితో చెబితే "నీ ఇష్టమమ్మా", "అందరూ సరేనంటే నాదేముంది", "చూద్దాంలే", "పెట్టుకో పో" అని వస్తున్నాయి. వీటిలో ఏదీ సరే కాదు. ముఖ్యంగా మన పెద్దవాళ్ల "నీ ఇష్టం" అంటే చాలాసార్లు "నాకిష్టం లేదు, కానీ నీ మాట కాదనలేను" అని. అలా చెప్పిన ఐదుగురికీ తిరిగి ఫోన్ చేశాను. "ఇది కాకపోతే మీది ఇంకో మంచి ఫొటో ఉంది, ఏది పెట్టమంటారు" అని అడిగాను. ముగ్గురు వెంటనే రెండోది చెప్పారు. అంటే మొదటిది వాళ్లకు ఇష్టం లేదన్నమాట. సరేనా కాదా అని అడిగితే మొహమాటపడేవాళ్లు, రెండిట్లో ఏది అని అడిగితే ఉన్నమాట చెబుతున్నారు.

మార్చి 1

నడిమి ఫొటో గురించి. అందరూ ఒకే ఫొటో అడుగుతున్నారు. 1986లో మా ఊరి ఇంటి అరుగు మీద తీసింది, పదకొండు మంది ఉన్నారు. తాత, అవ్వ కుర్చీల్లో, వెనక పెదనాన్న, పెద్దమ్మ, మా నాన్న, అమ్మ, అత్త, చిన్నాన్న, ఆయన పక్కన ఆయన భార్య, కింద చాప మీద మేం ఇద్దరం పిల్లలం. ఆ ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది, అరుగు కనిపించే ఫొటో ఇదొక్కటే.

అసలు ప్రింటు గూడూరు అత్త దగ్గరుంది. పోయిన శనివారం పినాకినిలో వెళ్లి తెచ్చుకున్నాను, కొరియర్ చేయమనడానికి ధైర్యం చాలలేదు. జిగురు పేజీల మీద పైన ప్లాస్టిక్ పొర ఉండే పాత రకం ఆల్బం అది. జిగురు పసుపుగా మారి ఫొటో వెనక గట్టిపడింది. పొర మెల్లగా ఎత్తాను. పళ్ల సందుల్లో వాడే సన్న దారం ఫొటో మూల కిందికి దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ పోయాను. ఎడమ వైపు రెండు అంగుళాలు వదిలింది, అక్కడ ఆగిపోయింది. ఇంకొంచెం లాగితే మూల వంగుతోంది, వంగిన చోట పైపొర పగిలితే ఇక దాన్ని అతికించలేం. అక్కడితో వదిలేసి, పేజీతో సహా స్కానర్ మీద బోర్లించాను, మూత తీసేసి పైన నల్లగుడ్డ కప్పాను. 6×4 ప్రింటు కాబట్టి 600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600×2400 వచ్చింది, నడిమి గడికి సరిగ్గా సరిపోయింది. రంగు ఎర్రబారింది, అది కొంత సరిచేయొచ్చు. అవ్వ చీర అంచులో జరీ గీత కూడా కనిపిస్తోంది.

ఇక పదకొండు ముఖాలు. తాత, అవ్వ, పెదనాన్న లేరు. మిగతా ఎనిమిది మందిలో ఏడుగురు మూడింటికీ సరేనన్నారు. ఎనిమిదో ఆమె చిన్నాన్న పక్కన నిలబడిన ఆమె. వాళ్లు విడిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె గ్రూపులో లేదు, నా ఉత్తరం ఆమెకు చేరనే లేదు.

"ఆమెనెందుకు అడగడం, మన ఫొటో కదా" అని ఇద్దరన్నారు. ఇంకొకరు ఆమెను కత్తిరించేయమన్నారు. అసలు కుదరదు, ఆమె భుజం మీద చిన్నాన్న చెయ్యి ఉంది. ముఖం మసగ్గా చేయడం ఇంకా ఘోరం, బోర్డు చూసిన ప్రతివాళ్లూ ముందు ఆ మసక దగ్గరే ఆగి "ఇదెవరు" అంటారు. దాచాలనుకున్న మనిషినే అందరికీ చూపించినట్టవుతుంది.

ఆమె కొడుకు బెంగళూరులో ఉంటాడు. నంబరు ఇవ్వమని అడగలేదు, నా నంబరు వాళ్లమ్మకు ఇచ్చి, ఇష్టమైతేనే ఫోన్ చేయమనమన్నాను.

మార్చి 8

ఆమె ఫోన్ చేసింది. ఏమని పిలవాలో తెలియక ఒక్క క్షణం ఆగి, చిన్నప్పటిలాగే "పిన్నీ" అన్నాను. ఫొటో పంపాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఈ ఫొటో నా దగ్గర లేదమ్ములూ. నాకొక కాపీ ఇస్తావా" అంది. తర్వాత, బోర్డు మీద పెట్టుకో, కానీ ఫోన్లలో తిప్పొద్దు అంది.

అంటే ఒకటో ప్రశ్నకు సరే, మూడోదానికి వద్దు. నా ఉత్తరం ప్రకారం లెక్క సరిపోయింది. కానీ సరే పిన్నీ అనబోతుంటే నాకే అడ్డం తగిలింది. హాల్లో 61 మంది, అందరి చేతుల్లో ఫోన్లు. బోర్డు ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు, తీసుకున్నవి సాయంత్రానికల్లా గ్రూపుల్లో ఉంటాయి, స్టేటస్‌లో ఉంటాయి. నేను ఆపలేను. ఒకటికి సరే, మూడుకు వద్దు అని విడివిడిగా అడగడం నా ఉత్తరంలో బాగానే ఉంది, కానీ బోర్డు మీదకెక్కిన ఫొటో బోర్డు మీదే ఉంటుందని నేను మాటివ్వలేను కదా.

అదే ఆమెకు చెప్పాను. "అయితే వద్దులే తల్లీ" అంది. "పుస్తకంలాంటిది పెట్టి, చూసేవాళ్లు తిప్పి చూసేట్టయితే పర్లేదు. కింద పేరు రాస్తే నా పేరు రాయి, ఫలానావాళ్ల భార్య అని రాయకు."

మార్చి 9

మూడో ఉత్తరం. రెండోదాంట్లో రాసినవాటికి రెండే మార్పులు, అయినా అందరికీ మళ్లీ పంపాను, సరేనన్నవాళ్లను మళ్లీ అడిగాను. మొదటిది ఈ వాక్యం: "బోర్డు మీద పెట్టిన ఫొటోను వచ్చినవాళ్లు ఫోన్లలో తీసుకుంటారు, అది నేను ఆపలేను, అందుకని బోర్డుకు సరే అంటే ఫోన్లకూ సరే అన్నట్టే అనుకుని చెప్పండి." రెండోది: "బోర్డు వద్దు కానీ అందరూ చూడాలి అనుకునే ఫొటోలకు బల్ల మీద ఒక ఆల్బం పెడుతున్నాను. దాని పక్కన అన్నయ్య కూర్చుంటాడు, ఫోన్‌తో తీయొద్దని చెబుతాడు."

ముందు సరేనన్నవాళ్లలో నలుగురు బోర్డు నుంచి ఆల్బంకు మారారు. ఆ వాక్యం ముందే ఉంటే వాళ్లు మొదటిసారే అలా చెప్పేవాళ్లు.

ఆల్బం వచ్చాక హోసూరు చెల్లెలు తనంతట తానే ఒక ఫొటో పంపింది, తను మొదటి జీతంతో వాళ్లమ్మకు చీర కొన్న రోజుది. బోర్డుకే ఇచ్చింది.

మార్చి 22

ఉగాది పనుల్లో వారం పోయింది. ఎవరు దేనికి సరేనన్నారో రాసుకునే షీటు ఇప్పుడు 40 ఫొటోలు, 176 వరుసలు. ఒక్కో వరుస ఒక ఫొటోలో ఒక మనిషి. మొదట మనిషికొక వరుస పెట్టుకున్నాను, అది పనికిరాలేదు, ఎందుకంటే ఒకే మనిషి ఒక ఫొటోకు సరే, ఇంకో ఫొటోకు వద్దు అంటారు. ఏ తేదీన, ఎలా చెప్పారు అన్నది కూడా రాసుకుంటున్నాను. వాయిస్ అయితే ఆ మెసేజ్‌కు స్టార్ పెడుతున్నాను.

పిల్లల విషయం. పద్దెనిమిది నిండనివాళ్లు పన్నెండు మంది. తల్లిదండ్రులను అడిగాను, పదేళ్లు దాటినవాళ్లను విడిగా కూడా అడిగాను. పద్నాలుగేళ్ల వాడొకడు తిరుమలలో గుండు కొట్టించుకున్న ఫొటో వద్దన్నాడు, వాళ్ల నాన్నేమో "చిన్నప్పటిదిరా, ముద్దుగా ఉన్నావు" అంటాడు. తండ్రి సరే, కొడుకు వద్దు. నా షీటులో అది వద్దే. ఇద్దరూ సరేనంటేనే పెడుతున్నాను.

పోయినవాళ్ల ఫొటోలకు ఎవరిని అడగాలి అన్నది కష్టమే అయింది. భార్య లేదా భర్త ఉంటే వాళ్లను, లేకపోతే పిల్లలందరినీ అనుకున్నాను. పెదనాన్నది పెద్దమ్మను అడిగితే, దండ వేసిన ఫొటో వద్దంది. "మీ పెదనాన్న బతికినన్నాళ్లు బాగానే నవ్వాడు, ఆ నవ్వేది పెట్టు." ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు, పోయినవాళ్లనూ ఉన్నవాళ్లనూ పక్కపక్కన పెట్టడం మంచిది కాదన్నారు. వాళ్ల నమ్మకం అది, వాదించలేదు. దండలున్నవి ఏవీ పెట్టకుండా, తాత తరం వాళ్లను మాత్రం పై వరసలో పెట్టాను. ఆ ఇద్దరికీ నమూనా చూపిస్తే సరేనన్నారు.

ఏప్రిల్ 12

నడిమి గడికి వేరే ఫొటో దొరికింది. అదే అరుగు, అదే రోజు, తాత అవ్వ ఇద్దరే. ఫొటోగ్రాఫర్ రెండు తీశాడని అత్తకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఫ్రేమ్‌లో ఉంది, గాజుకు ఒక మూల అతుక్కుపోయింది. చెన్నై గాలిలో తేమకు నా దగ్గరా ఒకటి అలాగే అయింది, దాన్ని పీకి పాడుచేసుకున్నాను. ఈసారి గాజు తీయకుండా పైనుంచే స్కాన్ చేశాను. ఒకచోట చిన్న మెరుపు మచ్చ ఉండిపోయింది, పర్లేదు. తాత పిల్లల్లో ఉన్న ముగ్గురూ, పెద్దమ్మా సరేనన్నారు.

పదకొండు మంది ఫొటో ఆల్బంలో మొదటి పేజీలో ఉంది. పిన్నికి 6×4 కాపీ ఒకటి తీయించి బెంగళూరుకు పంపాను.

ఏప్రిల్ 19, ఆదివారం

ఆఖరి రోజు. మధ్యాహ్నం ఇద్దరు మనసు మార్చుకున్నారు, మార్చాను. ఒక అన్నయ్య కుటుంబం నుంచి మూడుసార్లు అడిగినా జవాబే లేదు. వాళ్ల ఫొటో చాలా బాగుంది, మెరీనాలో నలుగురూ తడిసి నవ్వుతున్నది. రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. తీసేశాను. ఆ గడిలో మా ఊరి ఇంటి ముందరి వేపచెట్టు పెట్టాను.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. రేపు ఉదయం ట్రిప్లికేన్‌లో ఇచ్చి రావాలి, ముందు ఒక మూల నమూనా ప్రింటు తీయించి ముఖాలు చూసుకుని తర్వాతే మొత్తం వేయమనాలి. శుక్రవారానికి ఇస్తామన్నారు. అన్నయ్య ఆటో మాట్లాడాడు, 4 అడుగుల బోర్డు బండి మీద రాదు.